94 శాతం అంటే ఎంతమందిలో?

ప్రశ్న: నాకు 30 ఏళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. జీతం 19 వేలు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోకి మారాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నాలుగు నెలల కోర్సు, 85 వేల ఫీజు, 94 శాతం ప్లేస్‌మెంట్, సగటు ప్యాకేజీ నాలుగున్నర లక్షలు అంటున్నారు. ఆదివారం లోపు కడితే పది వేలు తగ్గిస్తారట, ఈఎంఐ కూడా ఉందట. మావారు కట్టేద్దాం అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. వాళ్లు చెప్పేది నిజమో కాదో నాలాంటివాళ్లు తెలుసుకునే దారి ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: దారి ఉందండీ. రెండు వారాల టైమ్, ఓ పదిహేను ఫోన్ కాల్స్, ఒకసారి హైదరాబాద్ వచ్చి వెళ్లడం. అంతకంటే ఖర్చు లేదు. ఆదివారం గడువును మాత్రం ముందే వదిలేయండి. పది వేలు తగ్గుతాయని తొందరపడితే మిగతా 75 వేలు ఏమవుతాయో తెలుసుకునే అవకాశం పోతుంది. నాకు తెలిసినంతలో ఆ తగ్గింపు వచ్చే ఆదివారానికి కూడా ఉంటుంది.

నేను పదిహేనేళ్లుగా టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. ఏడేళ్లుగా కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే పని కూడా నాదే. ఇన్‌స్టిట్యూట్లు పంపే రెజ్యూమెలు ప్రతి నెలా నా బల్ల మీదికి వస్తాయి. అందుకే ఈ శాతాల వెనుక ఏముంటుందో దగ్గర నుంచి చూశాను.

మీరు లెక్కల టీచర్. భిన్నం సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. 94 శాతం అనగానే అడగాల్సినవి రెండే: లవం ఏమిటి, హారం ఏమిటి? ప్రకటనలో శాతం ఉంటుంది గానీ ఈ రెండూ ఉండవు. లవాన్ని ఒక్కటి కూడా పెంచకుండా హారాన్ని తగ్గించుకుంటూ పోతే శాతం ఎంతకైనా వెళ్తుంది. ఇది మన అమీర్‌పేటకే ప్రత్యేకం కాదు. అమెరికాలో లాంబ్డా స్కూల్ అని బాగా పేరున్న కోడింగ్ బూట్‌క్యాంప్ ఒకటి ఉండేది, తర్వాత బ్లూమ్‌టెక్ అని పేరు మార్చుకుంది. ఉద్యోగం వచ్చాకే జీతంలో వాటాగా ఫీజు కట్టండి అనేది దాని ఆకర్షణ. 2024 ఏప్రిల్‌లో అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ దాని మీద చర్య తీసుకుంది. బయటికి 71 నుంచి 86 శాతం దాకా ప్లేస్‌మెంట్ అని చెప్పుకున్నారు. లోపలి లెక్కల్లో అది 50 శాతం దగ్గర, కొన్నిసార్లు 30 శాతం దాకా కూడా పడిపోయి ఉంది. ఒక బ్యాచ్‌లో నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ వచ్చిందని సంస్థ అధిపతి ట్విట్టర్‌లో రాశారు. ఆ లెక్కలో ఉన్నది ఒక్కరే విద్యార్థి అని ఆయనే విడిగా ఒకరికి పంపిన మెసేజ్‌లో ఒప్పుకున్నారు. లవం ఒకటి, హారం ఒకటి.

ఇప్పుడు మా ఇంట్లో జరిగింది చెబుతాను, హారం ఎలా తగ్గుతుందో కళ్లకు కడుతుంది. మా పిన్ని కూతురు బీకాం చేసి విజయవాడలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేది. 2023లో తను టెస్టింగ్‌లోకి వద్దామనుకుని ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే, నేనూ తోడు వెళ్లాను. రిసెప్షన్ గోడ నిండా ఫొటోలు. ఒక్కో ఫొటో కింద పేరు, కంపెనీ లోగో, ప్యాకేజీ. ఎప్పుడు చేరారు, ఏ ఉద్యోగం అన్నది మాత్రం ఒక్కదాని కిందా లేదు. కౌన్సెలర్ 93 శాతం అంది. ఏ బ్యాచ్‌కి అని అడిగితే, అంతకుముందు ఏడాది బ్యాచ్‌కి అంది. ఎంతమందిలో ఎంతమందికి అంటే ఒక ఫైలు చూసి, "ఎలిజిబుల్ స్టూడెంట్స్ 60 మంది సార్, 56 మందికి వచ్చింది" అంది. లెక్క సరిపోయింది, 93 శాతమే. ఎలిజిబుల్ అంటే ఎవరు అని అడిగాక అసలు కథ బయటికొచ్చింది. ఫీజు కట్టి చేరినవాళ్లు 110 మంది. 24 మంది మధ్యలో మానేశారు. మిగిలిన 86 మందిలో 26 మంది మాక్ ఇంటర్వ్యూల్లో తగినన్ని మార్కులు తెచ్చుకోలేదని ప్లేస్‌మెంట్ జాబితాలోకే రాలేదు. అలా మిగిలినవాళ్లు 60. ఫీజు కట్టినవాళ్లను హారంగా పెట్టి చూస్తే 56 బై 110, అంటే 51 శాతం. ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెప్పింది. అడిగేవాళ్లే లేరు.

మీ ఫీజు వాళ్లు తీసుకునేది మీరు చేరిన రోజున. కాబట్టి మీ హారం కూడా చేరినవాళ్లందరూ. మానేసినవాళ్లు బద్ధకంతో మానేశారని వాళ్లు చెప్పొచ్చు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కానీ ఉద్యోగం చేస్తూ చేరినవాళ్లు, చిన్న పిల్లలున్న తల్లులు, ఊరి నుంచి వచ్చి హాస్టల్ ఖర్చు భరించలేకపోయినవాళ్లు కూడా అందులోనే ఉంటారు. మీలాంటివాళ్లు ఎక్కువగా ఉండేది ఆ 24 మందిలోనే.

ఇక లవం. ఆ 56 మందికి వచ్చినవి ఏం ఉద్యోగాలు? ఇది ఇన్‌స్టిట్యూట్ చెప్పదు, మనమే తెలుసుకోవాలి. ఆ బ్యాచ్‌లో చదివిన ఒకమ్మాయి మాకు దొరికింది. తన స్నేహితులను అడిగి, మాట్లాడటానికి ఇష్టపడినవాళ్లతో మమ్మల్ని కలిపింది. అలా మా చెల్లి 18 మందితో ఫోన్‌లో మాట్లాడింది. వాళ్లలో 11 మంది ఇన్‌స్టిట్యూట్ లెక్కలో "ప్లేస్ అయినవాళ్లే". ఆ పదకొండు మందిలో నిజంగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నది నలుగురు. ముగ్గురు క్యూఏ అనే పేరుతో కాల్ సెంటర్‌లో ఉన్నారు. ఇద్దరు ఆ ఇన్‌స్టిట్యూట్ యజమానికే ఉన్న ఇంకో చిన్న కంపెనీలో మూడు నెలలు జీతం లేని ఇంటర్న్‌షిప్ చేసి ఇంటికొచ్చేశారు. ఒకబ్బాయికి వాళ్ల మేనమామ రిఫరెన్స్ మీద ఉద్యోగం వచ్చింది, ఫొటో మాత్రం గోడ మీదికెక్కింది. ఇంకొకతనికి దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఉద్యోగం ఇప్పించారు, రెండో నెలలో అది పోయింది. ఆ సంగతి కింద విడిగా చెబుతాను. మొత్తానికి 18 మందిలో నలుగురు. 22 శాతం.

ఆ ముగ్గురి విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే టెస్టింగ్‌లోకి వచ్చేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. క్యూఏ అనే పేరు రెండు వేర్వేరు ఉద్యోగాలకు ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో క్యూఏ అంటే అప్లికేషన్‌ను పరీక్షించి బగ్స్ పట్టుకునే పని. బీపీఓలో క్వాలిటీ అనలిస్ట్ అంటే ఉద్యోగులు కస్టమర్లతో మాట్లాడిన కాల్స్ విని మార్కులు వేసే పని. అది గౌరవమైన పనే, కొందరికి నచ్చుతుంది కూడా. కానీ ఆ అనుభవంతో టెస్టింగ్ ఇంటర్వ్యూకి వస్తే మేం దాన్ని అనుభవంగా లెక్కపెట్టలేం. గోడ మీద ఫొటో కింద "క్యూఏ అనలిస్ట్" అని ఉంటే అది ఈ రెండింటిలో ఏదో తెలియదు. డేటా లేబులింగ్, కంటెంట్ మోడరేషన్ పనులు కూడా ఒక్కోసారి ఇదే పేరుతో లెక్కలోకి వచ్చేస్తాయి. అందుకే ఎవరితో మాట్లాడినా హోదా అడగకండి, పని అడగండి. "నిన్న ఆఫీసులో ఏం చేశారు?" అని అడిగితే చాలు. టెస్టింగ్‌లో ఉన్నవాళ్లు ఒక ఫీచర్ గురించో, బగ్స్ నమోదు చేసే జిరా అనే టూల్‌లో వేసిన బగ్ గురించో, కొత్త మార్పు వల్ల పాతవి చెడిపోలేదని చూడటానికి పొద్దున రన్ చేసిన రిగ్రెషన్ టెస్టుల గురించో చెబుతారు. కాల్స్ వినేవాళ్లు స్కోర్ షీట్ గురించి చెబుతారు. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

మీరు చేయాల్సింది ఇలా మొదలుపెట్టండి. ఇన్‌స్టిట్యూట్‌కి ఫోన్ చేయకుండా వాట్సాప్‌లో రాసి అడగండి, జవాబు రాతలో ఉండాలి. ఇప్పుడు నడుస్తున్న బ్యాచ్ గురించో, మొన్న అయిపోయినదాని గురించో వద్దు. కోర్సు అయిపోయి కనీసం ఎనిమిది నెలలైన ఒక టెస్టింగ్ బ్యాచ్‌ని ఎంచుకోండి. వాళ్లు తమకు నచ్చినది ఎంచి చెప్పకుండా నెల మీరే చెప్పండి. మెసేజ్ ఇలా ఉంటే చాలు: "ఫలానా నెలలో మొదలైన టెస్టింగ్ బ్యాచ్‌లో ఫీజు కట్టి చేరినవాళ్లు ఎంతమంది? కోర్సు పూర్తి చేసినవాళ్లు ఎంతమంది? పూర్తి చేసిన ఆరు నెలల లోపు జీతం ఉన్న ఫుల్‌టైమ్ టెస్టింగ్ ఉద్యోగంలో చేరినవాళ్లు ఎంతమంది? వాళ్లలో ఇంజినీరింగ్ చదవనివాళ్లు, చదువు అయిపోయి మూడేళ్లు దాటినవాళ్లు ఎంతమంది?" ఆఖరి ప్రశ్న మీ కోసం. మిగతా మూడింటికి అంకెలు బాగానే వచ్చినా, నాలుగోదానికి సున్నా వస్తే ఆ 94 శాతం మీకు వర్తించదు.

ఈ మెసేజ్‌కి మూడు రకాల జవాబులు వస్తాయి. అంకెలు ఇస్తే మంచిది, వాటిని సరిచూసే పని మొదలవుతుంది. "మేడమ్, ఒకసారి ఆఫీసుకి రండి, అన్నీ చూపిస్తాం" అంటే వెళ్లండి గానీ, చూపించినదాన్ని రాసిమ్మనండి. "డేటా కాన్ఫిడెన్షియల్" అంటే మాత్రం అక్కడే ఆగిపోండి. మీరు అడిగింది పేర్లు కాదు, నాలుగు అంకెలు. పేర్లు, ఫొటోలు, జీతాలు గోడకెక్కించినవాళ్లకు అంకెల దగ్గర రహస్యం ఏముంటుంది?

తర్వాత మనుషులను పట్టుకోవాలి. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఇచ్చే నంబర్లు వద్దు. వాళ్లు ఇచ్చేది బాగా జరిగినవాళ్ల నంబర్లే, కొన్నిచోట్ల వాళ్ల సిబ్బందివే. లింక్డ్‌ఇన్‌లో ఇన్‌స్టిట్యూట్ పేరు కొట్టి వెతకండి, చాలామంది చదువు భాగంలో ఆ పేరు రాసుకుంటారు. కోర్సు అయిపోయిన తేదీకి, ఉద్యోగం మొదలైన తేదీకి మధ్య ఎన్ని నెలలున్నాయో అక్కడే కనిపిస్తుంది. కోర్సు కంటే ముందే ఉద్యోగం మొదలై ఉంటే ఆ ప్లేస్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌ది కాదు. గూగుల్ రివ్యూల్లో అయిదు నక్షత్రాలవి పక్కన పెట్టి, రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదవండి. వాళ్ల మాటల్లో వివరాలు ఉంటాయి.

అన్నిటికంటే పనికొచ్చేది సాయంత్రం ఆరున్నరకి ఆ ఇన్‌స్టిట్యూట్ కింద ఉన్న టీ కొట్టు. మా చెల్లి, నేను ఒక గురువారం అక్కడ గంటసేపు నిలబడ్డాం. క్లాసు అయిపోయి దిగినవాళ్లలో కొందరి చేతిలో నోట్‌బుక్స్ లేవు, ప్లాస్టిక్ ఫోల్డర్లు ఉన్నాయి. వాళ్లు కోర్సు ఎప్పుడో అయిపోయి "ప్లేస్‌మెంట్ బ్యాచ్" పేరుతో రోజూ మాక్ ఇంటర్వ్యూలకి వస్తున్నవాళ్లు. ఒకబ్బాయిని అడిగితే పదకొండు నెలలుగా వస్తున్నానన్నాడు. ఇప్పటిదాకా ఎన్ని ఇంటర్వ్యూలకు పంపారంటే రెండు అన్నాడు, అందులో ఒకటి వాక్-ఇన్, ఎవరైనా వెళ్లొచ్చు. ఉద్యోగం రాలేదు, కానీ ఇంకా వస్తున్నాడు కాబట్టి ఇన్‌స్టిట్యూట్ లెక్కలో అతను "ప్రాసెస్‌లో ఉన్నాడు". అలాంటివాళ్లను కొన్నిచోట్ల హారంలోంచి తీసేస్తారు. మీరు వెళ్లినప్పుడు ఫోల్డర్ పట్టుకున్నవాళ్లతో తప్పకుండా మాట్లాడండి.

ఎంతమందితో మాట్లాడాలి? పన్నెండు నుంచి పదిహేను మంది చాలు. అంతకంటే తక్కువైతే ఒకరిద్దరి అదృష్టం, దురదృష్టం లెక్కను తారుమారు చేస్తాయి. ఇంకో జాగ్రత్త: ఉద్యోగం వచ్చినవాళ్లు సంతోషంగా ఫోన్ ఎత్తుతారు, రానివాళ్లు చాలామంది ఎత్తరు, సిగ్గుపడతారు. మీకు దొరికే లెక్క అసలు కంటే కొంచెం బాగా కనిపిస్తుందని మనసులో పెట్టుకోండి. మా 22 శాతం కూడా అంతే.

కంపెనీల పేర్లు దొరికాక ఇంట్లో కూర్చునే చేసే పని ఒకటుంది. గోడ మీద పేర్లలో టీసీఎస్, ఇన్ఫోసిస్ లాంటివి నాలుగు ఉంటాయి, మిగతావి మీరెప్పుడూ వినని పేర్లుంటాయి. వినని పేరు అంటే చెడ్డదని కాదు, హైదరాబాద్‌లో మంచి చిన్న కంపెనీలు బోలెడున్నాయి. కానీ ఒకే చిన్న కంపెనీ "30 మంది టెస్టర్లను తీసుకుంది" అంటే సరిచూడొచ్చు. పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో `Establishment Search` అని ఉంటుంది. కంపెనీ పేరు కొడితే, ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. 30 మందిని తీసుకున్న నెల తర్వాత కూడా ఆ సంఖ్య ఏడుగురి దగ్గరే ఉంటే ఆలోచించాలి. ఒక పరిమితి మాత్రం ఉంది. 20 మంది కంటే తక్కువ ఉన్న సంస్థకు పీఎఫ్ తప్పనిసరి కాదు, మొదటి ఉద్యోగంలోనే 15 వేలకు మించి బేసిక్ ఉన్నవాళ్లను పీఎఫ్‌లో చేర్చకపోవచ్చు. కాబట్టి అక్కడ పేరు లేకపోతే దొంగ కంపెనీ అని తేల్చేయకండి, ఇంకో ప్రశ్న అడగడానికి కారణం దొరికిందనుకోండి. అలాగే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్ `mca.gov.in` లో కంపెనీ డైరెక్టర్ల పేర్లు చూడొచ్చు. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరూ, విద్యార్థులను "తీసుకున్న" కంపెనీ డైరెక్టరూ ఒకరే అయితే, అది ఆ జీతం లేని ఇంటర్న్‌షిప్ లాంటిదేమో అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు ఆ దొంగ ఎక్స్‌పీరియన్స్ సంగతి. మీ వయసు, మీ ఆరేళ్ల టీచింగ్ చూసి ఎవరో ఒకరు మీకు ఈ మాట చెబుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. "మేడమ్, ఫ్రెషర్‌గా అయితే కష్టం. రెండున్నరేళ్ల టెస్టింగ్ ఎక్స్‌పీరియన్స్ పెడదాం, ఆఫర్ లెటర్, పే స్లిప్స్, రిలీవింగ్ లెటర్ అన్నీ మేం చూసుకుంటాం." కొన్నిచోట్ల ప్లేస్‌మెంట్ శాతం బాగా కనిపించడానికి అసలు కారణం ఇదే. ఇది ఎలా బయటపడుతుందో నేను చూశాను. కంపెనీలో చేరాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ మొదలవుతుంది. పీఎఫ్ యూఏఎన్ నంబర్‌తో సర్వీస్ హిస్టరీ తీస్తారు, జీతం పడినట్టు బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతారు, ఏ సంస్థ మీ జీతంలోంచి పన్ను కోసిందో చూపే ఆదాయపు పన్ను రికార్డు అడుగుతారు. మీ స్కూల్ గనక మీకు పీఎఫ్ కట్టి ఉంటే, మీరు ఆ రెండున్నరేళ్లూ గుంటూరులోనే పాఠాలు చెప్పారని ఆ సర్వీస్ హిస్టరీయే చెప్పేస్తుంది. పైన చెప్పినతనికి రెండో నెలలో ఈమెయిల్ వచ్చింది, ఆ రోజే ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకున్నారు. ఇన్‌స్టిట్యూట్ అప్పటికే అతన్ని లెక్కలో వేసుకుంది, ఉద్యోగం పోయాక తీసేయలేదు. పేరు అతనిది, సంతకం అతనిది. కాబట్టి ఫోర్జరీ కేసు అయినా అతని మీదే వస్తుంది. మీరు పాత విద్యార్థులతో మాట్లాడేటప్పుడు ఒక్క మాట అడగండి: "మీరు ఫ్రెషర్‌గా చేరారా, ఎక్స్‌పీరియన్స్ మీద చేరారా?" అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తే మీకు అర్థమవుతుంది. అయిదుగురిలో ఇద్దరు అలా ఆగితే ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరకండి, మిగతావి చూడనక్కర్లేదు.

సగటు నాలుగున్నర లక్షల గురించి ఎక్కువ చెప్పను, ఇది మీ క్లాసులో వేసే లెక్కే. పదిమందిలో ఎనిమిది మందికి 2 లక్షల 40 వేలు, ఒకరికి 6 లక్షలు, ఒకరికి 20 లక్షలు అనుకోండి. సగటు 4 లక్షల 52 వేలు వస్తుంది. మధ్యగతం 2 లక్షల 40 వేలే. ఆ 20 లక్షలు వచ్చినవాళ్లు సాధారణంగా అప్పటికే ఏడెనిమిదేళ్లుగా ఐటీలో ఉండి ఆటోమేషన్ నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు. అందుకే సగటు కాకుండా మధ్యగతం అడగండి. అది కూడా కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు చూపే సీటీసీ కాదు, చేతికి వచ్చేది. నెలకి 17, 18 వేలు చేతికొచ్చే ఉద్యోగమైతే హైదరాబాద్ అద్దె, తిండి పోగా మీ ఇప్పటి 19 వేల కంటే కిందికి వెళ్తారు. మొదటి ఏడాది దానికి సిద్ధమేనా అన్నది మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

డబ్బు కట్టే ముందు అగ్రిమెంట్ కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి. "100 శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని ఉంటే అది ఉద్యోగం ఇస్తామన్న మాట కాదు, సాయం చేస్తామన్న మాట. ఇన్ని ఇంటర్వ్యూలకు పంపితే మా బాధ్యత తీరిపోయినట్టే అనో, ఏ ఊళ్లో ఏ జీతానికి వచ్చినా మొదటి ఆఫర్ ఒప్పుకోవాలి అనో ఒక వాక్యం ఉంటుంది, దాన్ని వెతకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. ఈఎంఐ అంటే మీరు ఇన్‌స్టిట్యూట్‌కి బాకీ కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీకి బాకీ. క్లాసులు బాగా లేవని మీరు మానేసినా ఆ కిస్తీలు ఆగవు, కడుతూనే ఉండాలి, కట్టకపోతే సిబిల్ స్కోరు పడిపోతుంది. "జీరో ఇంట్రెస్ట్" అన్నా సరే లోన్ కాగితంలో అప్పిచ్చేది ఎవరు, మొత్తం ఎంత కట్టాలి, ఎన్ని రోజుల్లోపు వద్దనుకుని రద్దు చేసుకోవచ్చు అనే మూడూ చూడండి.

చట్టం కూడా కొంతవరకు మీ వైపు ఉంది. కోచింగ్ సంస్థల తప్పుడు ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు తెచ్చింది. సక్సెస్ రేటు, ఉద్యోగ భద్రత గురించి తప్పుడు హామీలు ఇవ్వకూడదు. విద్యార్థి విజయం సాధించాక, రాతపూర్వక అనుమతి తీసుకున్నాకే వాళ్ల పేరు, ఫొటో వాడుకోవాలి. 50 మందికి పైగా విద్యార్థులున్న కోచింగ్ సెంటర్లకు ఇవి వర్తిస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. మీరు ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ వాట్సాప్ జవాబే మీ సాక్ష్యం, అందుకే రాతలో అడగమన్నాను.

ఇంతా చేశాక వచ్చిన లెక్కతో ఏం చేయాలి? మీరు మాట్లాడిన పదిహేను మందిలో నిజమైన టెస్టింగ్ ఉద్యోగంలో ఫ్రెషర్‌గా చేరినవాళ్లు ఆరేడుగురు ఉండి, వాళ్లలో ఒకరిద్దరైనా మీలా వేరే రంగం నుంచి వచ్చి ఉంటే, ఆ ఇన్‌స్టిట్యూట్ గురించి ఆలోచించండి. నేనైతే అంతకంటే తక్కువ ఉన్నచోట 85 వేలు కట్టను. ఫీజు పదిహేను, ఇరవై వేలుండి ప్లేస్‌మెంట్ మాటే ఎత్తకుండా పాఠం బాగా చెప్పే చోట చేరితే, మిగతా డబ్బు మీరు ఉద్యోగం వెతుక్కునే నెలల ఖర్చుకి పనికొస్తుంది.

మా చెల్లి చేసింది అదే. ఆ పదకొండు మందిలో టెస్టింగ్‌లో ఉన్న నలుగురిని మళ్లీ విడిగా అడిగింది, మీకెలా వచ్చిందని. ముగ్గురు అప్పుడే బీటెక్ పూర్తిచేసిన పిల్లలు. నాలుగో ఆయన పాత అకౌంటెంట్. ఆయనకు ఉద్యోగం ఇన్‌స్టిట్యూట్ పంపిన ఇంటర్వ్యూల్లో రాలేదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఒక కంపెనీకి తనే అప్లై చేసుకున్నాడు. ఇన్‌వాయిస్‌లో జీఎస్టీ ఎక్కడ తప్పుతుందో ఇంటర్వ్యూలో చెప్పగలిగాడు, అది బీటెక్ పిల్లలకు తెలియదు. మా చెల్లి ఆ మాట పట్టుకుంది. వీకెండ్‌లో మాన్యువల్ టెస్టింగ్, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్ మాత్రం నేర్పే చోట 18 వేలు కట్టి చేరింది. విజయవాడ ఉద్యోగం వదల్లేదు. అకౌంటింగ్, పేరోల్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీల జాబితా రాసుకుని వాటికే అప్లై చేసింది. తొమ్మిది నెలలు పట్టింది. ఇప్పుడు ఒక పేరోల్ ప్రాడక్ట్ టీమ్‌లో టెస్టర్‌గా చేస్తోంది.

మీ విషయంలో ఆ జాబితా వేరుగా ఉంటుంది. స్కూల్ అడ్మిషన్లు, హాజరు, మార్కులు, ప్రోగ్రెస్ రిపోర్టులు చూసే సాఫ్ట్‌వేర్లు, ఆన్‌లైన్ పరీక్షల యాప్‌లు చేసే కంపెనీలు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉన్నాయి. గైర్హాజరైన పిల్లాడికి మార్కుల గడిలో సున్నా పడాలా, ఖాళీ ఉండాలా, ఆ తేడాతో క్లాసు సగటు ఎలా మారుతుందో ఆరేళ్లు మార్కుల రిజిస్టర్ రాసిన మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. అది నిఖార్సైన టెస్ట్ కేస్.

ఈ వారం ఫీజు కట్టకుండా ఇంకో పని చేసి చూడండి. టెస్టర్లకు అంతర్జాతీయ సర్టిఫికెట్ పరీక్షలు రూపొందించే సంస్థ ఐఎస్‌టీక్యూబీ. దాని ఫౌండేషన్ లెవెల్ సిలబస్ `istqb.org` లో ఉచితంగా దొరుకుతుంది, మొదటి రెండు అధ్యాయాలు చదవండి. తర్వాత `saucedemo.com` తెరవండి, అది టెస్టింగ్ నేర్చుకునేవాళ్ల కోసం పెట్టిన ఉత్తుత్తి షాపింగ్ సైట్. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ ఆ పేజీ మీదే రాసి ఉంటాయి. అందులో `problem_user` అనే పేరుతో లోపలికి వెళ్లి, ఏమేం తప్పుగా ఉన్నాయో, ఏం నొక్కితే ఏం జరిగిందో, అసలు ఏం జరగాలో ఒక కాగితం మీద మూడు గళ్లు గీసి రాయండి. రెండు సాయంత్రాలు అలా కూర్చున్నాక మూడో రోజు కూడా కూర్చోవాలనిపిస్తే, సోమవారం ఆ వాట్సాప్ మెసేజ్ పంపండి.